క్రాప్ ఫిజియాలజీలో వేసవి ఇంటర్న్‌షిప్ కావాలా? పరిశోధన స్థానానికి ఈమెయిల్ ఇలా రాయండి

ప్రతి ఏడాది సంక్రాంతి సెలవులు అయిపోగానే అగ్రికల్చర్ పిల్లల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "మేడమ్, వేసవిలో తిరుపతి పరిశోధన స్టేషన్‌లో ఫిజియాలజీ ఇంటర్న్‌షిప్ చేయాలనుంది, మెయిల్ ఎలా రాయాలి?" అని. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ, చివరికి అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

నేను కొన్నేళ్లు ఒక పరిశోధన స్థానంలో ఫిజియాలజీ విభాగంలో పనిచేశాను. అలాంటి మెయిల్స్ ప్రింట్ తీసి పెద్దల టేబుల్ మీద పెట్టడం, వాళ్లు ఏది పక్కన పెడుతున్నారో, ఏది మళ్లీ చదువుతున్నారో చూడటం అప్పట్లో నా పనిలో భాగం. పక్కన పెట్టినవాటిలో చాలావరకు మంచి మార్కులున్న పిల్లలవే. వాళ్ల మెయిల్‌లో లోపం ఇంగ్లీషులో లేదు. ఇంటర్న్‌షిప్ జరిగే ఆరు వారాలూ ఆ విద్యార్థికి ఏ పని ఇవ్వాలో మెయిల్ చదివాక కూడా అర్థమయ్యేది కాదు, అదీ లోపం. కాబట్టి ఈ గైడ్ మర్యాద వాక్యాల దగ్గర కాక పని దగ్గర మొదలవుతుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ పరీక్షలు ఏ తేదీన అయిపోతాయి, తర్వాతి సెమిస్టర్ ఏ తేదీన మొదలవుతుంది. సుమారుగా కాదు, తేదీలతో.
- మీ కాలేజీ నుంచి ఒక లెటర్, కనీసం "అడిగితే ఇస్తాం" అన్న మాట. దీని గురించి 6వ మెట్టులో చెబుతాను.
- ఒక పేజీ బయోడేటా, పీడీఎఫ్‌లో.
- మీ పేరుతో ఉన్న మామూలు ఈమెయిల్ ఐడీ. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న ఐడీ వద్దు.
- మీ చేతులతో మీరు చేసిన ఒక కొలత. ప్రాక్టికల్‌లో చేసినదైనా సరే, ఇంట్లో చేసినదైనా సరే. ఇది లేకపోతే ముందు ఇది చేయండి, తర్వాతే మెయిల్.

1. ఎవరికి రాయాలో తేల్చుకోండి

చాలామంది "స్టేషన్ మేనేజర్ గారికి" అని మొదలుపెడతారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం స్థానాల్లో ఆ పేరుతో హోదా లేదు. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి అధిపతి అసోసియేట్ డైరెక్టర్ ఆఫ్ రీసెర్చ్. అందరూ ఏడీఆర్ అంటారు. పెరుమాళ్లపల్లెలో ఉన్నలాంటి చిన్న స్థానాలకు ప్రిన్సిపల్ సైంటిస్ట్ అధిపతిగా ఉంటారు. ప్రైవేటు విత్తన కంపెనీ ఫామ్ అయితే మాత్రం మేనేజర్ అనే హోదా ఉంటుంది. మీరు రాసేది ఏ రకం స్థానానికో చూసుకుని హోదా రాయండి.

మెయిల్ అధిపతి పేరునే వెళ్లాలి, ఎందుకంటే అనుమతి ఇచ్చేది ఆయనో ఆమో. కానీ పని నేర్పేది ఫిజియాలజీ సైంటిస్టు. వారి పేరు తెలిస్తే కాపీ వారికీ పెట్టండి. పేర్లు స్థానం వెబ్‌పేజీలో ఉంటాయి కానీ బదిలీల వల్ల చాలాసార్లు పాతబడి ఉంటాయి. ఆఫీసుకు ఒక్క ఫోన్ చేసి "ఇప్పుడు ఏడీఆర్ ఎవరండీ, ఫిజియాలజీలో ఎవరున్నారు?" అని అడగండి. రెండు నిమిషాల పని. అక్కడ అధిపతి మేడమ్ అయితే "సర్" అని పోయిన మెయిల్ మొదటి మాట దగ్గరే దెబ్బ తింటుంది.

2. మే, జూన్ నెలల్లో ఆ స్థానంలో ఏం పని ఉంటుందో తెలుసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

తిరుపతి స్థానం అంటే ప్రధానంగా వేరుశనగ. నారాయణి, ధరణి లాంటి రకాలు అక్కడివే. అందుకని పిల్లలు "మే నెలలో వేరుశనగ పొలంలో బెట్ట మీద ప్రయోగం చేస్తాను" అని రాస్తారు. మే నెలలో పొలంలో వేరుశనగ ఎక్కడుంది? నవంబరు, డిసెంబరులో వేసిన రబీ పంట మార్చి, ఏప్రిల్ కల్లా పీకేసి ఉంటారు. ఖరీఫ్ పంట జూన్, జూలైలో వానలు పడ్డాకే వేస్తారు. మీరు వెళ్లే సమయం సరిగ్గా ఆ రెండింటి మధ్య ఖాళీ.

ఖాళీ అంటే పని లేదని కాదు. రబీలో తీసిన ఆకు, కాండం, కాయ నమూనాలు ఆరబెట్టి, తూచి, లెక్క ఎక్కించే పని అప్పుడే పేరుకుపోయి ఉంటుంది. కుండీల్లో, షెడ్డు కింద చేసే ప్రయోగాలకు సీజన్‌తో అంత సంబంధం ఉండదు. ఖరీఫ్‌కు విత్తనం సిద్ధం చేస్తూ మొలక శాతం, మొలక బలం చూస్తుంటారు. ఇవన్నీ ఫిజియాలజీ పనులే. మీరు ఆరు వారాల్లో మొదలుపెట్టి పూర్తి చేయగలిగేవి కూడా ఇవే. వేరుశనగ విత్తు నుంచి కోత వరకు మూడు నెలల పైన పడుతుంది. ఆరు వారాల్లో దిగుబడి ప్రయోగం చేస్తానని రాస్తే, పంట కాలం కూడా చూసుకోలేదని అర్థం.

పొలంలోనే పని కావాలనుకుంటే ఇంకో దారి ఉంది. చెరకు మే నెలలో పొలంలోనే ఉంటుంది. పిలకలు పెట్టే దశలో, ఎండ ముదిరిన సమయంలో నీటి ఎద్దడిని చూడటానికి అదే సరైన పంట. పెరుమాళ్లపల్లె స్థానంలో చెరకు, చిరుధాన్యాల మీద పని జరుగుతుంది. వేరుశనగే అని పట్టుబట్టకపోతే అక్కడికి రాయడం మేలు. తిరుపతికి రాసే పది మందిలో ఒక్కరికైనా ఈ ఆలోచన రాదు.

3. ఒక కొలత చేసి చూడండి

మెయిల్‌లో "నాకు ఫిజియాలజీ అంటే చాలా ఆసక్తి" అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. "నేను ఆకులో నీటి శాతం కొలిచాను, ఇలా వచ్చింది, ఇక్కడ తప్పు జరిగింది" అని రాస్తే అన్నీ తెలుస్తాయి.

ఇంట్లో చేయగలిగినది రిలేటివ్ వాటర్ కంటెంట్. ఆకు పూర్తిగా నీళ్లు తాగితే ఎంత నీరు పట్టగలదో, అందులో ఇప్పుడు ఎంత ఉందో చెప్పే శాతం అది. బెట్టలో ఒక రకం ఎలా నిలబడుతుందో చూడటానికి ఇది చాలా పాత, నమ్మకమైన కొలత.

రెండు రకాల వేరుశనగ కుండీల్లో వేయండి. నెల దాటాక సగం కుండీలకు నీళ్లు ఆపండి. వారం, పది రోజుల తర్వాత ప్రధాన కాండం మీద పైనుంచి మూడో ఆకును కోయండి. అది పూర్తిగా విచ్చుకున్న ఆకు అయి ఉండాలి. వెంటనే పాలిథిన్ కవర్‌లో పెట్టి మూతి బిగించాలి. ఎండలో ఆకు చేత్తో పట్టుకుని త్రాసు దాకా నడిస్తే చాలు, ఆ నడకలోనే నీరు ఆవిరైపోతుంది. తూచాక ఆకును స్వేదన జలంలో నాలుగు గంటలు ఉంచి, తీసి, పైన ఉన్న తడిని ఫిల్టర్ పేపర్‌తో అద్ది మళ్లీ తూచాలి. ఆ తర్వాత ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర 48 గంటలు ఆరబెట్టి మూడోసారి తూచాలి. ఓవెన్ ఇంట్లో ఉండదు, కాలేజీ ల్యాబ్‌లో అడిగితే పెట్టనిస్తారు.

```
RWC (%) = (FW - DW) / (TW - DW) x 100
```

ఇందులో FW పచ్చి బరువు, TW నీళ్లు తాగిన తర్వాతి బరువు, DW ఎండిన బరువు. జేబు త్రాసు 0.01 గ్రాము వరకే చూపిస్తుంది కాబట్టి ఒక్క ఆకుతో చేయకండి, కొన్ని ఆకులు కలిపి తూచండి.

ఒక లెక్క చూద్దాం. పచ్చి బరువు 1.86 గ్రాములు, నీళ్లు తాగాక 2.22, ఎండాక 0.42 అనుకోండి. పైన 1.44, కింద 1.80. జవాబు 80 శాతం. ఇప్పుడు తడి సరిగా అద్దలేదు, ఆకుల మీద 0.10 గ్రాము నీరు మిగిలిపోయింది అనుకుందాం. కింది సంఖ్య 1.90 అవుతుంది, జవాబు దాదాపు 76కి పడిపోతుంది. పంటలో ఏ మార్పూ లేదు, మీ అద్దడంలోనే నాలుగు శాతం తేడా వచ్చేసింది. రెండు రకాల మధ్య నిజమైన తేడా కూడా ఒక్కోసారి అంతే ఉంటుంది.

ఎలా సరిచూసుకోవాలి: ఒకే కుండీ నుంచి రెండు నమూనాలు తీసి విడిగా చేయండి. రెండింటికీ దగ్గరి జవాబులు వస్తే చేయి కుదిరినట్టు. బాగా నీళ్లు పెట్టిన కుండీలో కూడా శాతం మరీ తక్కువగా వస్తుంటే అద్దడం చూసుకోండి, లేదా కోసిన ఆకు త్రాసుకు ఆలస్యంగా చేరుతోందేమో చూసుకోండి. 100 దాటితే పొద్దున మంచు తడితో ఉన్న ఆకును అలాగే తూచి ఉంటారు.

కాలేజీలో స్పాడ్ మీటర్ ఉంటే అదీ ఒక దారి. ఆకు పచ్చదనాన్ని అంకెల్లో చూపించే చిన్న పరికరం అది. వేరుశనగ ఆకుకు నాలుగు చిన్న ఆకులుంటాయి కదా, నాలుగింటి మీదా రీడింగ్ తీసి సగటు రాయాలి. మధ్య ఈనె మీద పెట్టకూడదు. తడి ఆకు మీద తీయకూడదు. ఈ రెండు మాటలు మెయిల్‌లో రానవసరం లేదు, కానీ ఎవరైనా అడిగితే మీ నోటి నుంచి రావాలి.

4. మెయిల్ రాయండి

స్థానాలకు ఎక్కువమంది ఇంగ్లీషులోనే రాస్తారు, అది మామూలే. కానీ నా సలహా, ముందు తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషులో నేరుగా మొదలుపెడితే చేయి ఆటోమేటిక్‌గా ఎక్కడో చదివిన బరువైన వాక్యాల మీదికి పోతుంది. తెలుగులో రాస్తే మీరు చెప్పదలుచుకున్నది మీకే స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత వాక్యానికి వాక్యం మార్చుకోండి.

మూడేళ్ల క్రితం పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన డ్రాఫ్ట్ నాకు చూపించింది. మూడో సంవత్సరం. మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉంది:

> గౌరవనీయులైన సర్/మేడమ్, నేను వ్యవసాయం పట్ల అమితమైన ఆసక్తి గల విద్యార్థిని. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయడం నా కల. ఏ విభాగంలోనైనా, ఏ టాపిక్ అయినా, ఎప్పుడైనా చేయడానికి సిద్ధం. దయచేసి అవకాశం ఇవ్వగలరు. బయోడేటా జతపరిచాను.

"ఏదైనా, ఎప్పుడైనా" అనడం వినయం అనుకుంది ఆ అమ్మాయి. చదివేవారికి అది వినయంగా అనిపించదు. తేదీలు వాళ్లే వెతకాలి, పని వాళ్లే ఆలోచించాలి, ఈ అమ్మాయికి ఏం వచ్చో వాళ్లే ఊహించాలి. ఖరీఫ్ ముందు పనుల హడావిడిలో ఎవరికీ అంత తీరిక ఉండదు.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే అసలు విషయం బయటికొచ్చింది. వాళ్లది వర్షాధార చెనిక్కాయ చేను. ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేస్తే వాళ్ల నాన్నగారు ఎంత నష్టపోయారో చూసింది. ఇంటి వెనక 12 కుండీల్లో రెండు రకాలు వేసి నీళ్లు ఆపి చూసింది కూడా. అది మెయిల్‌లో ఎందుకు రాయలేదమ్మా అంటే, "అది చిన్నది కదా మేడమ్" అంది. ఆ చిన్నదే మెయిల్‌లోకి రావాలి. మేం ఇద్దరం కలిసి మార్చిన మెయిల్ ఇది:

> విషయం: క్రాప్ ఫిజియాలజీలో వేసవి ఇంటర్న్‌షిప్‌కు అభ్యర్థన, మే 18 నుంచి జూన్ 27, బీఎస్సీ అగ్రికల్చర్ 3వ సంవత్సరం
>
> గౌరవనీయులైన మేడమ్ గారికి,
>
> నమస్కారం. నేను (కాలేజీ పేరు)లో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మే 18 నుంచి జూన్ 27 వరకు ఆరు వారాలు మీ స్థానంలోని క్రాప్ ఫిజియాలజీ విభాగంలో ఇంటర్న్‌గా పనిచేసే అవకాశం కోరుతూ రాస్తున్నాను.
>
> మాది పలమనేరు దగ్గర వర్షాధార వేరుశనగ పండించే కుటుంబం. ఊడలు దిగే దశలో వచ్చే బెట్ట గురించి తెలుసుకోవాలని ఇంట్లో 12 కుండీల్లో ధరణి, నారాయణి వేసి, 35వ రోజు నుంచి సగం కుండీలకు 9 రోజులు నీళ్లు ఆపి, ఆకుల్లో రిలేటివ్ వాటర్ కంటెంట్ కొలిచాను. మొదటిసారి ఆకుల తడి సరిగా అద్దకపోవడం వల్ల ఒకే కుండీ నమూనాలకు వేర్వేరు జవాబులు వచ్చాయి. రెండోసారి సరిచేసుకున్నాను. కుండీలు తక్కువ కాబట్టి రకాల గురించి ఏమీ చెప్పలేను, కానీ పద్ధతి నేర్చుకున్నాను. లెక్కల షీటు జతపరిచాను.
>
> మే, జూన్‌లో పొలంలో వేరుశనగ ఉండదని తెలుసు. రబీ నమూనాలు ఆరబెట్టి తూచడం, డేటా ఎక్కించడం, కుండీల ప్రయోగాల్లో రోజువారీ కొలతలు, ఖరీఫ్ విత్తనం మొలక పరీక్షలు, వీటిలో విభాగానికి అవసరమైన పని చేయగలను. స్పాడ్ మీటర్ ప్రాక్టికల్స్‌లో వాడాను. కిరణజన్య సంయోగక్రియ కొలిచే పరికరం ఎప్పుడూ వాడలేదు.
>
> వసతి తిరుపతిలో బంధువుల ఇంట్లో ఏర్పాటు చేసుకున్నాను. స్టైపెండ్ అవసరం లేదు. మీరు అంగీకరిస్తే మా కాలేజీ నుంచి అనుమతి లెటర్ వారంలోపు పంపిస్తాను. మీరు రమ్మన్న రోజు వచ్చి కలవగలను.
>
> ఇట్లు,
> (పేరు, రోల్ నంబరు, కాలేజీ, ఫోన్ నంబరు)
>
> జతపరిచినవి: బయోడేటా (1 పేజీ), కుండీల కొలతల షీటు (1 పేజీ)

ఇందులో నాకు బాగా నచ్చిన వాక్యాలు రెండు. "రకాల గురించి ఏమీ చెప్పలేను" అన్నది ఒకటి. 12 కుండీలతో ధరణి గొప్పదో నారాయణి గొప్పదో తేలదు. ఆ సంగతి తెలిసిన విద్యార్థి చేతికి డేటా ఇవ్వొచ్చు అనే నమ్మకం ఆ వాక్యంతోనే వస్తుంది. "ఎప్పుడూ వాడలేదు" అన్నది రెండోది. రాని పరికరం వచ్చని రాస్తే మొదటి రోజే బయటపడుతుంది. ఆ పరికరం లక్షల్లో ఖరీదు చేస్తుంది, వచ్చన్న మాట నమ్మి ఎవరైనా చేతికిస్తే నష్టం విభాగానికి.

స్టైపెండ్ విషయంలో మాత్రం ఆమె మాటను కాపీ చేయకండి. డబ్బు అవసరమైతే "అవసరం లేదు" అని రాయొద్దు. ఆ వాక్యం తీసేసి, కలిసినప్పుడు నేరుగా అడగండి. అడగడం తప్పు కాదు. కానీ చాలా స్థానాల్లో వేసవి విద్యార్థులకు ఇచ్చే నిధి ఉండదు, అది మనసులో పెట్టుకునే వెళ్లండి. వసతి గురించి కూడా నిజమే రాయండి. మే నెలలో స్కూళ్లకు సెలవులు, కొండకు వచ్చే భక్తుల రద్దీ. తిరుపతిలో అప్పటికప్పుడు గది దొరకడం కష్టం, దొరికినా అద్దె ఎక్కువ. వసతి లేకపోతే "హాస్టల్‌లో ఉండే వీలుంటే తెలియజేయగలరు" అని ఒక్క వాక్యం పెట్టండి.

మీకు ఇంటి కుండీలు లేవు, చేను లేదు అనుకోండి. ప్రాక్టికల్‌లో చేసిన ఒక కొలతను అదే విధంగా రాయండి. ఏం కొలిచారు, ఎన్ని నమూనాలు, ఎక్కడ తేడా వచ్చింది. ఊరి కథ అందరికీ ఉండనవసరం లేదు. లేని కథ కల్పిస్తే మొదటి సంభాషణలోనే తెలిసిపోతుంది.

5. పంపే ముందు సరిచూసుకోండి

ముందు మీకే పంపుకుని ఫోన్‌లో తెరవండి. చాలామంది పెద్దలు మెయిల్ ఫోన్‌లోనే చూస్తారు. సబ్జెక్ట్ లైన్ ఫోన్‌లో సగమే కనిపిస్తుంది కాబట్టి "ఇంటర్న్‌షిప్" అన్న మాట మొదటి సగంలోనే ఉందో లేదో చూడండి.

తర్వాత వేరే బ్రాంచి చదివే స్నేహితుడికి ఫోన్ ఇచ్చి అర నిమిషం చదవమనండి. ఫోన్ వెనక్కి తీసుకుని మూడు అడగండి. ఎవరు రాశారు, ఏ తేదీల్లో వస్తారు, ఏం పని చేయగలరు. ఒక్కదానికైనా తడబడితే మెయిల్ మార్చాలి.

జతపరిచిన ఫైళ్ల సంగతి. డ్రైవ్ లింక్ పెట్టకండి, అనుమతి అడిగే పేజీ తెరుచుకుంటే అక్కడితో వదిలేస్తారు. స్కాన్ చేసిన బొమ్మలు కలిపి 10 ఎంబీ ఫైలు చేయకండి. ఫైలు పేరు `Resume_final2.pdf` అని ఉంటే డౌన్‌లోడ్ చేశాక ఎవరిదో తెలియదు. `YourName_BScAg_CropPhysiology.pdf` లాంటి పేరు పెట్టండి.

ఇంకో తప్పు నేను కళ్లారా చూశాను. ఒక విద్యార్థి పది స్థానాలకు ఒకే మెయిల్ పంపాడు. పది మంది చిరునామాలూ పైన కనిపిస్తున్నాయి, లోపల మాత్రం ఒకే స్థానం పేరు ఉంది. పది మందిలో ఒక్కరూ జవాబివ్వలేదు. మూడు స్థానాలకు రాయండి, కానీ మూడూ విడిగా, ఆ స్థానం పంటను బట్టి మూడో పేరా మార్చి రాయండి.

6. ఎప్పుడు పంపాలి, లెటర్ ఎప్పుడు

ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం లోపు పంపితే మంచిది. మార్చి చివర ఆర్థిక సంవత్సరం లెక్కలు ఉంటాయి, ఆ తర్వాత కోతల డేటా, ఖరీఫ్‌కు ముందు జోనల్ సమావేశాలు. మే మొదట్లో పంపితే ఇష్టం ఉన్నా ఏర్పాటు చేయలేరు.

కాలేజీ లెటర్ విషయంలో పిల్లలకు టెన్షన్ ఎక్కువ. అసోసియేట్ డీన్ గారి సంతకంతో లెటర్ లేకుండా ప్రభుత్వ స్థానంలో ఎవరూ మిమ్మల్ని అధికారికంగా చేర్చుకోలేరు. అలాగని లెటర్ చేతికొచ్చే దాకా మెయిల్ ఆపొద్దు. ముందు మీ అడ్వైజర్‌కు విషయం చెప్పి, "స్థానం ఒప్పుకుంటే లెటర్ ఇస్తారా?" అని అడగండి. ఆయన సరే అన్నాక మెయిల్ పంపండి. అడ్వైజర్‌కు తెలియకుండా ఆయన పేరు మెయిల్‌లో రాయడం మాత్రం వద్దు. సైంటిస్టులకూ కాలేజీ టీచర్లకూ ఒకరికొకరు బాగా పరిచయం ఉంటుంది. తిరుపతిలో అయితే ఎస్వీ వ్యవసాయ కళాశాల, పరిశోధన స్థానం పక్కపక్కనే. మెయిల్ చేరిన రోజే మీ గురించి ఫోన్ పోవచ్చు.

7. జవాబు రాకపోతే

పది పనిదినాలు ఆగండి. తర్వాత కొత్త మెయిల్ కాకుండా, పాత మెయిల్‌కే రిప్లై కొట్టి రెండు వాక్యాలు రాయండి:

> నమస్కారం మేడమ్. ఫిబ్రవరి 16న పంపిన నా అభ్యర్థన మీ దృష్టికి వచ్చిందో లేదో తెలుసుకోవాలని రాస్తున్నాను. ఈ శనివారం తిరుపతి వస్తున్నాను, మీకు వీలైతే పది నిమిషాలు కలవగలనా?

దానికీ జవాబు లేకపోతే ఆఫీసుకు ఫోన్ చేసి, అపాయింట్‌మెంట్ అడిగి వెళ్లండి. చిత్తూరు నుంచి బస్సులో రెండు గంటల దారి. మెయిల్ ప్రింట్, షీటు, బయోడేటా చేతిలో ఉంచుకోండి. సెల్‌కు వాట్సాప్‌లో వరసగా మెసేజ్‌లు పెట్టడం, రాత్రి ఫోన్ చేయడం చేయకండి.

8. జవాబు వస్తే

మంచి జవాబు చాలాసార్లు ప్రశ్న రూపంలో వస్తుంది. పలమనేరు అమ్మాయికి వచ్చిన జవాబు రెండు లైన్లే. "ఆకులు నీళ్లలో ఎన్ని గంటలు ఉంచారు? ఏ సమయంలో కోశారు?" ఆ అమ్మాయి కంగారు పడి నాకు ఫోన్ చేసింది, తప్పు దొరికిందేమో అని. ప్రశ్న వచ్చిందంటే షీటు తెరిచి చదివారని. అదే రోజు జవాబు రాయమన్నాను. నాలుగు గంటలు, మధ్యాహ్నం 12 ప్రాంతంలో కోశాను, ఒక రోజు మాత్రం ఆలస్యమై రెండు గంటలకు కోశాను, ఆ రోజు అంకెలు షీటులో విడిగా గుర్తు పెట్టాను అని రాసింది. ఆకులో నీరు పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారుతుంది, అందుకే ఆ ప్రశ్న. సమయం రాసి పెట్టుకోకపోయి ఉంటే నిజాయితీగా "రాసుకోలేదు, ఇకపై రాస్తాను" అనడమే మార్గం. గుర్తులేని సమయాన్ని ఊహించి రాయొద్దు.

ఒప్పుకుంటూ జవాబు వస్తే ఒక్క రోజులో ధన్యవాదాలు చెప్పి, మూడు విషయాలు అడగండి. లెటర్ ఎవరి పేరున రావాలి, మొదటి రోజు ఎన్ని గంటలకు ఎవరిని కలవాలి, నోట్‌బుక్ కాక ఇంకేమైనా తెచ్చుకోవాలా. మే నెల తిరుపతి ఎండకు కుండీల దగ్గర పని పొద్దున ఆరింటికే మొదలుపెడతారు. పదిన్నర దాటితే ల్యాబ్‌లో ఓవెన్, త్రాసు పని. బస్సు టైము దాన్ని బట్టి చూసుకోండి, తలకు టవలు, రెండు లీటర్ల నీళ్ల బాటిల్ సంచిలో పెట్టుకోండి.